బెల్టు పెడితే ఫ్రాకు ముందు పైకి ఎందుకు లేస్తుంది? బెల్టులు, బకిల్స్, వెడల్పుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర చిన్న కుట్టు షాపు నాది. ఆడవాళ్ళ బట్టలే ఎక్కువగా కుడతాను. ఈమధ్య బెల్టుతో షర్టు ఫ్రాకులు, బెల్టుతో కుర్తీలు అడిగేవాళ్ళు బాగా పెరిగారు. కుట్టించుకున్నాక వచ్చే ఫిర్యాదుల్లో సగం పైగా ఒకటే: "బెల్టు లేకపోతే బాగుంది, పెట్టగానే ఏదో తేడాగా ఉంది." ఆ తేడా ఎక్కడ పుడుతుందో రోజూ నోటితో చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

బెల్టు పెట్టగానే బట్ట పొట్టి అవుతుంది. ఎందుకు?

గుడ్డ నడుము దగ్గర లోపలికి వంగి, మళ్ళీ బయటికి రావాలి కాబట్టి పొడవు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజమే కానీ చాలా తక్కువ. చెస్ట్ దగ్గర 42 అంగుళాలున్న ఫ్రాకుని నడుము దగ్గర 33కి బిగించారనుకోండి. ఆ వంపు వల్ల పోయేది నడుము పైన, కింద కలిపి పావు అంగుళం, కాస్త అటూ ఇటూ.

అసలు పొడవు పోయేది చేతులు ఎత్తినప్పుడు. బస్సులో రాడ్డు పట్టుకున్నా, జడ వేసుకున్నా, పై అరలో డబ్బా అందుకున్నా భుజంతో పాటు పై గుడ్డ మొత్తం పైకి లేస్తుంది. బెల్టు కింద ఉన్న గుడ్డ కూడా జారి పైకి వస్తుంది. చెయ్యి దించాక ఆ గుడ్డ మళ్ళీ కిందకి వెళ్ళలేదు, బెల్టు పట్టుకుని ఉంటుంది. అలా బెల్టు పైన చిన్న ఉబ్బు మిగిలిపోతుంది. కింద అంచు అంత మేర పైకి పోతుంది. అర అంగుళం నుంచి అంగుళంన్నర దాకా ఇలా పోవడం నేను టేపు పెట్టి చూశాను.

అందుకే ట్రయల్ వేసినప్పుడు అద్దం ముందు బొమ్మలా నిలబడితే ఏమీ తెలియదు. బెల్టు పెట్టుకుని, రెండు చేతులూ రెండుసార్లు పూర్తిగా పైకెత్తి దించండి. ఒకసారి కూర్చుని లేవండి. సర్దుకోకుండా అప్పుడు చూడండి. రోజంతా మీ ఒంటి మీద ఉండే ఫ్రాకు అదే.

మరి ముందు వైపే ఎక్కువ పైకి పోతుందేం?

బెల్టు లేనప్పుడు ముందు గుడ్డ ఛాతీ మీద నుంచి నేరుగా కిందకి వేలాడుతుంది. బెల్టు దాన్ని ఛాతీ కింద ఒంటి వైపు లోపలికి లాగుతుంది. వెనక అంత వంపు లేదు కాబట్టి అంత లాగుడు ఉండదు. దానికి తోడు పొట్ట. బెల్టు ఎప్పుడూ సన్నగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. పొట్ట మీద కట్టిన బెల్టు నడుస్తూ ఉంటే మెల్లగా పైకి ఎక్కి, పొట్ట పైన సన్నటి చోట ఆగుతుంది. ఎక్కేటప్పుడు ముందు గుడ్డని కూడా తీసుకుపోతుంది.

కొంతమందికి దీనికి వ్యతిరేకంగా వెనక ఇబ్బంది ఉంటుంది. నడుము వెనక లోతుగా వంగి ఉన్నవాళ్ళకి బెల్టు పైన వీపు మీద గుడ్డ సంచిలా పోగవుతుంది. అది బెల్టు బిగువు వల్ల కాదు, వీపు పొడవు ఎక్కువ తీయడం వల్ల. బెల్టు వదులు చేసినా పోదు. వీపు ముక్కలో నడుము దగ్గర అడ్డంగా అర అంగుళం తగ్గించి కత్తిరించాలి.

నా నడుము ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

పావు అంగుళం ఎలాస్టిక్ ముక్క ఒకటి కాస్త బిగువుగా నడుముకి కట్టండి. పక్కకి కుడివైపు, ఎడమవైపు వంగండి. నాలుగడుగులు నడవండి. ఎలాస్టిక్ ఎక్కడ స్థిరపడిందో అదే నడుము. చాలామంది ప్యాంటు కట్టుకునే చోటుని, లేదా బొడ్డుని నడుము అనుకుంటారు. ఎలాస్టిక్ దానికి ఒకటి రెండు అంగుళాల పైన ఆగుతుంది.

ఇంకొకటి గమనించండి. ఆ ఎలాస్టిక్ అందరికీ నేలకి సమంగా ఉండదు. కొందరికి ముందు కాస్త దిగి ఉంటుంది, కొందరికి వెనక. బెల్టు కూడా అలాగే కూర్చుంటుంది. నేను ఎలాస్టిక్ ఉండగానే మెడ వెనక ఎముక నుంచి దాని దాకా, ముందు భుజం నుంచి దాని దాకా, పక్కన చంక నుంచి దాని దాకా మూడు కొలతలూ విడివిడిగా తీసుకుంటాను. వీటిలో ఒకటి వదిలేసినా లూపులు తప్పు చోట పడతాయి.

పొట్టిగా ఉన్నవాళ్ళు వెడల్పు బెల్టు పెట్టకూడదా?

ఎత్తుతో కాదు, మీ ఛాతీ కింది గీతకీ నడుముకీ మధ్య ఉన్న ఖాళీతో చూడాలి. అయిదడుగుల మనిషికి ఆ ఖాళీ ఐదు అంగుళాలు ఉండొచ్చు, అయిదున్నర అడుగుల మనిషికి మూడే ఉండొచ్చు. బెల్టు నడుము గీత మీద కూర్చుంటే దాని వెడల్పులో సగం పైకి వస్తుంది. మూడు అంగుళాల బెల్టు అంటే ఒకటిన్నర అంగుళం పైకి. ఖాళీ మూడే ఉన్న మనిషికి అందులో సగం బెల్టే తినేసింది. ఛాతీ బెల్టు మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది.

నా లెక్క ఇది: ఆ ఖాళీలో సగానికి మించిన వెడల్పు బెల్టు వద్దు. ఖాళీ మూడు, మూడున్నర ఉంటే ఒకటింపావు నుంచి ఒకటిన్నర అంగుళం బెల్టు బాగుంటుంది. అయిదు దాటితే రెండున్నర కూడా హాయిగా పెట్టుకోవచ్చు.

రంగు కూడా పని చేస్తుంది. ఫ్రాకు గుడ్డతోనే చేసిన బెల్టు మనిషిని రెండు ముక్కలు చేయదు, నడుము ఉన్నట్టు మాత్రం చూపిస్తుంది. తెల్ల ఫ్రాకు మీద నల్ల బెల్టు గీత గీసినట్టు కోస్తుంది. ఆ గీత ఎక్కడ పడితే అక్కడి నుంచి కాళ్ళు మొదలైనట్టు కనిపిస్తుంది. అందుకే కాంట్రాస్ట్ బెల్టు అర అంగుళం జారినా తెలిసిపోతుంది, అదే గుడ్డ బెల్టు జారినా ఎవరూ గమనించరు.

వెడల్పు బెల్టు మధ్యలో మడత పడిపోతోంది. బక్రం సరిపోలేదా?

బక్రం తప్పు కాదు. బెల్టు ఆకారం తప్పు. తిన్నగా కత్తిరించిన పట్టీకి పై అంచు, కింది అంచు ఒకే పొడవు. మన ఒళ్ళు అలా లేదు. నడుము 32 ఉన్న మనిషికి రెండు అంగుళాల కింద 35 ఉంటుంది. కింది అంచు సరిపోయేలా బిగిస్తే పై అంచు వదులై విచ్చుకుంటుంది. పై అంచుకి బిగిస్తే కింది అంచు పొట్టలో గుచ్చుకుని, బెల్టు సన్నటి చోటికి ఎగబాకి మధ్యలో మడత పడుతుంది. ఎంత గట్టి బక్రం వేస్తే అంత గట్టిగా గుచ్చుకుంటుంది.

రెండు అంగుళాల లోపు బెల్టుకి ఈ బాధ పెద్దగా ఉండదు. అంతకు మించితే వంపు బెల్టు కత్తిరించాలి. మూడున్నర అంగుళాల బ్రౌన్ పేపరు పట్టీ నడుముకి చుట్టండి. బిగువుగా ఉన్న చోట అంచుని కత్తెరతో చిన్నగా కోసి విచ్చుకోనివ్వండి, వదులుగా ఉన్న చోట చిన్న మడత పెట్టి టేపు అంటించండి. తీసి బల్ల మీద పరిస్తే కాగితం నెలవంకలా వంగి ఉంటుంది. అదే మీ బెల్టు ఆకారం. ఒకరి కాగితం ఇంకొకరికి పనికిరాదు. నా దగ్గర పాత కస్టమర్ల కాగితాలు ఒక మేకుకి వేలాడుతూ ఉంటాయి, రెండు వంపులు ఒకలా ఉన్నవి ఇంతవరకు నాకు కనిపించలేదు.

బకిల్ ఏది వేయించాలి?

మొదట కొలత. బకిల్ సైజు అంటే బయటి అంచు కాదు, లోపలి కడ్డీ పొడవు. బెల్టు వెడల్పు కంటే అది రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఇంకా పెద్దదైతే బెల్టు అందులో పక్కకి జారి వంకరగా కూర్చుంటుంది. చిన్నదైతే గుడ్డ అంచులు నలిగి నెల రోజుల్లో పీచు లేస్తాయి.

ముల్లు ఉండే మామూలు బకిల్ నమ్మకమైనది. పెట్టిన కన్నం దగ్గరే ఉంటుంది, జారదు. గుడ్డ బెల్టుకైతే కన్నాలకి ఇత్తడి ఐలెట్లు కొట్టించాలి, లేకపోతే ముల్లు గుడ్డని చింపుతుంది. తోలు బెల్టుకి కన్నాలు అంగుళం దూరంలో ఉంటాయి. గుడ్డ బెల్టుకి నేను ముప్పావు అంగుళం దూరంలో కొడతాను, ఎందుకంటే ఫ్రాకు మీద అంగుళం తేడా అంటే మరీ బిగువో మరీ వదులో అవుతుంది.

రెండు రింగుల బకిల్‌కి కన్నాలు అక్కర్లేదు. బెల్టుని రెండు రింగుల్లోంచి తీసి, ఒక రింగు మీదుగా వెనక్కి తిప్పి లాగితే గుడ్డ రాపిడితోనే ఆగుతుంది. ఖాదీ, లినెన్, డెనిమ్‌కి ఇది చాలా మంచిది, భోజనం ముందు ఒక బిగువు, తర్వాత ఒక బిగువు పెట్టుకోవచ్చు. శాటిన్, క్రేప్‌కి మాత్రం వద్దు. నున్నటి గుడ్డ కాబట్టి గంటలో వదులైపోతుంది.

ఫ్యాన్సీ షాపుల్లో దొరికే ఎలాస్టిక్ బెల్టుకి ఒకదానిలో ఒకటి దూరే కొక్కెం బకిల్ ఉంటుంది. పెట్టుకోవడం తేలిక. అయితే ఎలాస్టిక్ గుడ్డని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, పైన చెప్పిన ఉబ్బు దీనితో అన్నింటికంటే ఎక్కువ వస్తుంది.

పెద్ద ప్లేటు బకిల్ ఇష్టపడేవాళ్ళు కూర్చుని చూసి కొనండి. చదునుగా, పొడవుగా ఉన్న ప్లేటు కూర్చోగానే పొట్టలో గుచ్చుకుంటుంది. ప్లేటు కాస్త వంపు తిరిగి ఉండాలి. బరువు కూడా చూడాలి. మెత్తటి గుడ్డ బెల్టుకి బరువైన బకిల్ వేస్తే అది ముందు వంగి, బెల్టు మొత్తాన్ని కిందకి లాగుతుంది.

పొందూరు ఖాదీకి బెల్టు వేయించవచ్చా?

ఒక పని మొత్తం చెబుతాను, అందులోనే జవాబు ఉంది.

శ్రీకాకుళం నుంచి ఒక మేడమ్ పొందూరు ఖాదీ తెచ్చారు. ముందు బొత్తాలున్న షర్టు ఫ్రాకు, బెల్టుతో కావాలన్నారు. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం, చెస్ట్ 40, నడుము 35, సీటు 42. ఖాదీని రాత్రంతా నానబెట్టి ఆరబెట్టాకే కత్తిరించాను. చెస్ట్ 44 పెట్టి, భుజం నుంచి పొడవు 40 పెట్టాను. వేసుకుంటే అంచు మోకాలి కింద నాలుగు అంగుళాల దగ్గర ఉంది. నేల నుంచి కొలిస్తే చుట్టూ పన్నెండున్నర అంగుళాలు, ఎక్కడా తేడా లేదు. నాకే ముచ్చటేసింది.

ఆవిడ బెల్టు వేరే చోట కొనుక్కొచ్చారు. రెండున్నర అంగుళాల వెడల్పు, గట్టిది, తిన్నటిది, ముందు బరువైన ప్లేటు. వారం తర్వాత ఫ్రాకు పట్టుకుని వచ్చి, "ఏటమ్మా ఇది, ముందు పొట్టి, ఎనక పొడుగు కుట్టీసినావేటి?" అని అడిగారు. కోపం కంటే బాధ ఎక్కువ ఉంది ఆ మాటలో. ఆ ఫ్రాకు ఆవిడ అమ్మాయి కాలేజీ ఫంక్షన్ కోసం కుట్టించుకున్నది.

బెల్టు పెట్టించి, చేతులు రెండుసార్లు ఎత్తించి, స్కేలు నేల మీద నిలబెట్టి కొలిచాను. వెనక పదమూడు, పక్కన పదమూడుంపావు, ముందు పద్నాలుగు. అంటే వెనక అర అంగుళం, పక్కన ముప్పావు, ముందు ఒకటిన్నర అంగుళం పైకి పోయింది. ముందుకీ వెనక్కీ అంగుళం తేడా కంటికి బాగా కనిపిస్తుంది, అందుకే కటింగ్ తప్పు అనిపించింది ఆవిడకి. బెల్టు కింది అంచు పొట్ట మీద పడి పైకి ఎక్కుతోంది. ఛాతీ కింద ఖాళీ మూడున్నర అంగుళాలే, అందులో ఒకటింపావు అంగుళం పైగా బెల్టే తినేసింది.

మొదట బెల్టు మార్చాను. అదే ఖాదీలో మిగిలిన ముక్కతో ఒకటింపావు అంగుళం బెల్టు చేసి, రెండు రింగులు వేశాను. ఇది సన్నటి చోటే కూర్చుంది, ఎక్కలేదు. మళ్ళీ కొలిస్తే ముందు పోయింది ఒక అంగుళం, వెనక అర అంగుళమే. తర్వాత అంచు విప్పాను. లోపల మడత ఒకటింపావు అంగుళం ఉంది. ముందు మధ్యలో ఒక అంగుళం దించి, పక్కల మీదుగా తగ్గించుకుంటూ వెనక అర అంగుళానికి కలిపాను. మడతకి గుడ్డ మిగల్లేదు కాబట్టి లోపల వేరే పట్టీ వేసి చేత్తో హెమ్మింగ్ చేశాను. బెల్టు పెడితే చుట్టూ మళ్ళీ పన్నెండున్నర. బెల్టు తీస్తే ముందు అర అంగుళం దిగినట్టు కనిపిస్తుంది. అందుకని ఆవిడకి ముందే చెప్పాను, ఇక ఈ ఫ్రాకు బెల్టుతోనే వేసుకోవాలని.

తప్పు నాదే. బెల్టు ఏదో చూడకుండా కత్తెర పెట్టాను. అందుకు డబ్బులు తీసుకోలేదు.

ఖాదీ బెల్టు ఉతికితే ముడుచుకుపోతోంది. ఏం చేయాలి?

ఎప్పుడూ నిలువు గుడ్డలోనే బెల్టు కత్తిరించాలి. అడ్డం గుడ్డ లాగితే సాగుతుంది. పైన గుడ్డ, లోపల బక్రం రెండింటినీ ముందే నీళ్ళలో తడిపి ఆరబెట్టాలి. ఒకటి తడిపి ఇంకొకటి తడపకపోతే మొదటి ఉతుకులోనే ఒకటి కుదించుకుని, రెండోది అలలు అలలుగా లేస్తుంది. పొడవు నడుము కొలతకి ఏడు, ఎనిమిది అంగుళాలు కలిపి తీసుకోండి.

లూపులు ఎక్కడ పెట్టించాలి?

పక్క కుట్లలో రెండు దారం లూపులు చాలు. లూపు పొడవు బెల్టు వెడల్పు కంటే పావు అంగుళం మాత్రమే ఎక్కువ ఉండాలి.

చోటు విషయంలో మాత్రం జాగ్రత్త. లూపుని సరిగ్గా నడుము గీత మీద పెడితే, చెయ్యి ఎత్తగానే గుడ్డ లూపుని లాగుతుంది, లూపు బెల్టుని లాగుతుంది, బెల్టు మొత్తం పైకి వచ్చి కూర్చుంటుంది. అందుకని వదులు ఫ్రాకులకి నేను ఫ్రాకు పొడవు ఒక అంగుళం ఎక్కువ తీసుకుని, లూపులు కూడా గుడ్డ మీద ఒక అంగుళం కిందకి పెడతాను. ఆ అంగుళం బెల్టు పైన మెత్తగా చుట్టూ పరుచుకుంటుంది. చెయ్యి ఎత్తితే అది ఖర్చవుతుంది, బెల్టు కదలదు, అంచు కదలదు. ఒంటికి అతికినట్టు కుట్టిన ఫ్రాకులో ఇది కుదరదు, అక్కడ చంక కింద గుడ్డ వేస్తేనే చెయ్యి లేస్తుంది.

బొత్తాల ఫ్రాకు అయితే బకిల్ కింద బొత్తాం రానివ్వకండి. బకిల్ ముందుకి పొడుచుకొస్తుంది. బెల్టుకి పైన ఒకటి, కింద ఒకటి సమాన దూరంలో పెట్టి, నడుము దగ్గర ప్రెస్ బటన్ వేస్తే సరి.

చీర మీద బెల్టు పెడితే పమిట ఉబ్బుతోంది.

అది కూడా చేతులు ఎత్తడం వల్లే. పమిట కుచ్చులని బెల్టు కింద నొక్కేశాక భుజం కదిలితే గుడ్డ పైకి వస్తుంది కానీ వెనక్కి పోదు. బెల్టు పెట్టాక పమిటని బెల్టు పైన నాలుగు వేళ్ళు దూరేంత వదులుగా ముందే లాగి పెట్టుకోండి. చీర అంచు కూడా బెల్టు పెట్టాకే నేలకి సరిచూసుకోండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో మగ్గం బెల్టులు కుట్టించుకునే పెళ్ళికూతుళ్ళకీ అదే చెబుతాను. వడ్డాణం గొలుసులా వంగేదైతే ఒంటితో పాటు కదులుతుంది, రేకులా ఉన్నదైతే కూర్చున్నప్పుడు మడత మీద నిలబడుతుంది.

మగవాళ్ళ ప్యాంటు బెల్టు ఎంత వెడల్పు, ఏ సైజు?

ఫార్మల్ ప్యాంటుకి 30 నుంచి 35 మిల్లీమీటర్లు, అంటే ఒకటింపావు అంగుళం దరిదాపు. జీన్సుకి 38 నుంచి 40. జీన్స్ లూపుల్లో సన్నటి బెల్టు పెడితే ప్యాంటు దాని మీద జారి మడత పడుతుంది. సైజుకి ప్యాంటు నడుముకి రెండు అంగుళాలు కలపండి: 34 ప్యాంటుకి 36 బెల్టు. పాత బెల్టు ఉంటే బకిల్ ముల్లు మొదలు నుంచి మీరు వాడే కన్నం దాకా కొలవండి. అది మధ్య కన్నం అయ్యేలా కొత్తది కొనండి.

పొట్ట ఉన్న మగవాళ్ళు బెల్టుని పొట్ట కిందకి దించుతారు. ఇక్కడ అంతా తిరగబడుతుంది: ముందు నడుము పట్టీ దిగి, ప్యాంటు ముందు పొడవై బూటు మీద గుట్టగా పడుతుంది, వెనక లేస్తుంది. కింద అంచు కోయించుకుంటే పోదు. ప్యాంటుని వాళ్ళు నిజంగా కట్టుకునే చోట బెల్టు పెట్టించి, అలాగే కొలత తీసి, ముందు పట్టీని దించి, వెనక పట్టీని ఎత్తి కత్తిరించాలి.

కొలతలకి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

ఆది బట్టతో పాటు, మీరు పెట్టుకోబోయే బెల్టు, వేసుకోబోయే చెప్పులు. బెల్టు ఇంకా కొనలేదంటే కనీసం దాని వెడల్పు చెప్పండి, అంత వెడల్పు పట్టీ నా దగ్గరున్న బక్రంతో కట్టి కొలత తీస్తాను.